లాంగ్ రన్‌కి ముందు ఏం తినాలి? పరుగులో ఎన్ని నీళ్లు తాగాలి? తక్కువైనా ప్రమాదమే.. ఎక్కువైనా ప్రమాదమే!

ఆదివారం తెల్లవారుజాము 5 గంటలు. రావికమతం నుంచి కొత్తకోట వైపు వెళ్లే రోడ్డు మీద ఇంకా చీకటిగానే ఉంటుంది. పాల వ్యాన్లు, ఒకటీ అరా ఆటోలు తప్ప పెద్దగా ట్రాఫిక్ ఉండదు. పరిగెత్తేవాళ్లకి ఇంతకంటే మంచి టైమ్ దొరకదు. వైజాగ్ బీచ్ రోడ్డులో జరిగే నేవీ మారథాన్‌లో 10కే, 21.1కే పరుగుల కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా కొంతమంది ఇలాగే ప్రాక్టీస్ చేస్తుంటారు. వీళ్లేమీ ప్రొఫెషనల్ అథ్లెట్లు కాదు. ఉద్యోగం, షాపు, పొలం చూసుకుంటూ సరదాకి పరిగెత్తేవాళ్లు. కోచ్ ఉండడు, డైటీషియన్ అంతకన్నా ఉండరు.

5 కిలోమీటర్లు పరిగెత్తినంత కాలం ఈ లోటు పెద్దగా తెలియదు. ఖాళీ కడుపుతో వెళ్లి వచ్చినా ఏమీ కాదు. అసలు ఇబ్బంది 12, 15 కిలోమీటర్లు దాటాకే మొదలవుతుంది. అది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

రావికమతంలో ఉండే 64 కిలోల బరువున్న ఒక రన్నర్ అనుకుందాం. టార్గెట్ హాఫ్ మారథాన్. ఈ ఆదివారం 18 కిలోమీటర్లు పరిగెత్తాలి. తనకి దాదాపు 2 గంటల 10 నిమిషాలు పడుతుంది.

మొదటి వారం.. టీ తాగి బయల్దేరాడు

శనివారం రాత్రి "బరువుగా ఉండకూడదు" అని రెండు పుల్కాలతో సరిపెట్టాడు. పొద్దున్న కప్పు టీ తాగి షూ వేసుకున్నాడు. 13వ కిలోమీటరు వరకూ బాగానే సాగింది. ఆ తర్వాత కాళ్లల్లో పవర్ పోయింది. తల తేలిపోతున్నట్టు, చల్లటి చెమటలు. ఊపిరి బాగానే ఆడుతోంది కానీ కాలు మాత్రం లేవడం లేదు. చివరి 5 కిలోమీటర్లు నడకే.

ఇక్కడ జరిగింది ఏంటంటే.. మన శరీరం అన్నం, ఇడ్లీ లాంటి వాటి నుంచి వచ్చే చక్కెరని గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. బాగా తిన్న మనిషిలో ఇది మొత్తం మీద 400, 500 గ్రాముల వరకూ ఉంటుంది. పరుగులో ఖర్చు లెక్క చాలా సింపుల్. కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు 1 క్యాలరీ. అంటే 64 కిలోల మనిషి 18 కిలోమీటర్లకి సుమారు 1,150 క్యాలరీలు కరిగిస్తాడు. ఇందులో సగానికి పైగా ఈ చక్కెర నిల్వల నుంచే రావాలి. కొవ్వు ఎంత ఉన్నా అది నెమ్మదిగా మండే కట్టె లాంటిది. వేగంగా పరిగెడితే ఒక్క దానితో సరిపోదు.

మొత్తం నిల్వ లెక్క చూస్తే 18 కిలోమీటర్లకి సరిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ చేతుల్లో, భుజాల్లో ఉన్న గ్లైకోజెన్‌ని కాళ్లు వాడుకోలేవు. కాలేయంలో ఉండే 80, 100 గ్రాములు రాత్రి నిద్రలోనే చాలావరకు ఖర్చయిపోతాయి. మెదడుకి రాత్రంతా చక్కెర అందించేది అదే మరి. పైగా రాత్రి రెండు పుల్కాలే. టీలో వేసిన చెంచా పంచదార ఏ మూలకి సరిపోతుంది?

దీన్నే రన్నర్లు "వాల్‌ని గుద్దుకోవడం" అంటారు. నీళ్లు తక్కువై నీరసించడానికీ, దీనికీ తేడా తెలుసుకోవడం ఈజీ. ఇంధనం అయిపోతే ఆకలి, మెదడు మొద్దుబారినట్టు ఉండటం, కాళ్లు బరువెక్కడం కనిపిస్తాయి. ఏదైనా తీపి పడితే పది, పదిహేను నిమిషాల్లో కొంత తేరుకుంటారు. నీళ్లు తక్కువైతే దాహం, నోరు ఎండిపోవడం, గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకోవడం, తర్వాత ముదురు పసుపు మూత్రం ఉంటాయి. బెల్లం ముక్క తిన్నంత మాత్రాన అది తగ్గదు.

రెండో వారం.. ఇంకా పెద్ద పొరపాటు

ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఒకటే మాట. "నువ్వు నీళ్లు తాగలేదురా, అందుకే కళ్లు తిరిగాయి". అందులో కొంత నిజం ఉంది. మొదటి వారం రెండు గుక్కలు మాత్రమే తాగాడు. దాంతో ఈసారి తమ్ముడు బైక్ మీద బాటిళ్లు పట్టుకుని వెంట వచ్చాడు. ప్రతి కిలోమీటరుకీ ఆగి తాగాడు. మొత్తం రెండున్నర లీటర్ల మంచినీళ్లు.

రన్ అయ్యేసరికి పొట్ట ఉబ్బరం, వికారం, తలనొప్పి. వేలికి ఉన్న ఉంగరం బిగుసుకుపోయింది. ఇంటికొచ్చి బరువు చూస్తే 64 కిలోలు ఉండాల్సింది 64.6 చూపించింది.

రెండు గంటలు పరిగెత్తిన మనిషి బరువు పెరగడం ఏంటి? ఇదే అసలైన డేంజర్ సిగ్నల్. బయటికి పోయిన చెమట కంటే లోపలికి వెళ్లిన నీళ్లే ఎక్కువయ్యాయి. చెమటలో ఉప్పు పోతుంది, దాని స్థానంలో ఉత్త నీళ్లు చేరితే రక్తంలో సోడియం పలచబడుతుంది. బాగా పడిపోతే మెదడు వాస్తుంది. మాట తడబడటం, అయోమయం, ఫిట్స్, ఆ తర్వాత ప్రాణాపాయం.

ఇది ఎక్కడో అరుదుగా జరిగే విషయం అనుకుంటే పొరపాటే. 2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ లైన్ దగ్గర 488 మంది రన్నర్ల రక్తం పరీక్షించారు. వాళ్లలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. ఎవరికి ఎక్కువగా వచ్చిందో చూస్తే.. పరుగు మొదలైనప్పటికంటే బరువు పెరిగినవాళ్లకే. ఈ ఫలితాలు 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అదే 2002 మారథాన్‌లో 28 ఏళ్ల మహిళా రన్నర్ ఒకరు ఈ కారణంతోనే చనిపోయారు.

నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకే ఈ రిస్క్ ఎక్కువ. ఎందుకంటే వాళ్లకి చెమట తక్కువ, రోడ్డు మీద ఉండే టైమ్ ఎక్కువ, తాగే అవకాశాలూ ఎక్కువే. పరుగుకి ముందు మోకాళ్ల నొప్పికని ఇబుప్రొఫెన్ లాంటి పెయిన్ కిల్లర్ మాత్ర వేసుకునే అలవాటు కూడా కొందరికి ఉంది. కిడ్నీలు నీటిని బయటికి పంపే పనికి అది అడ్డుపడుతుంది. లాంగ్ రన్ రోజు ఆ మాత్రల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రన్ తర్వాత ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, వాంతులు చేసుకుంటున్నా "ముందు నీళ్లు పట్టించండి" అని మీద పడకూడదు. అతను అప్పటిదాకా బాగా నీళ్లు తాగి ఉంటే, ఇంకో లీటరు పట్టించడం అంటే పరిస్థితిని ఇంకా దిగజార్చడమే. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎన్ని నీళ్లు తాగాడో డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

మరి ఎంత తాగాలి? ఒక బాత్రూమ్ స్కేల్ చాలు

"గంటకి లీటరు తాగండి" లాంటి ఒకే లెక్క అందరికీ పనికిరాదు. చెమట ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది. మీ లెక్క మీరే తీసుకోవచ్చు, ఇంట్లో బరువు చూసే మెషిన్ ఉంటే చాలు.

మన రన్నర్ మూడో వారం చేసింది ఇదే. మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకున్నాడు. 64 కిలోలు. దారిలో అరలీటరు బాటిళ్లు రెండు తాగాడు, అంటే 1 లీటరు. వచ్చాక టవల్‌తో చెమట తుడుచుకుని, తడిసిన బట్టలు తీసేసి మళ్లీ చూస్తే 63.4. తగ్గింది 600 గ్రాములు, తాగింది 1 లీటరు. అంటే పోయిన చెమట దాదాపు 1.6 లీటర్లు. 2 గంటల 10 నిమిషాలకి కాబట్టి గంటకి సుమారు 740 మిల్లీలీటర్లు.

పోయినదంతా పరుగులోనే తిరిగి నింపేయాలని రూల్ ఏమీ లేదు. బరువులో 2 శాతం లోపు తగ్గితే మామూలుగా ఇబ్బంది ఉండదు. 64 కిలోల మనిషికి 2 శాతం అంటే 1.3 కిలోలు. ఈసారి తగ్గింది 1 శాతమే. మొదటి వారం రెండు గుక్కలతో వెళ్లినప్పుడు దాదాపు కిలోన్నర తగ్గి ఉంటుంది, అది గీత దాటినట్టే. కాబట్టి ఇతనికి గంటకి 400 నుంచి 500 మిల్లీలీటర్లు, అదీ దాహం వేసినప్పుడు కొంచెం కొంచెంగా తాగితే సరిపోతుంది. వచ్చాక బరువు తగ్గకుండా అలాగే ఉన్నా, పెరిగినా.. వచ్చే వారం తాగేది తగ్గించాలి.

ఇక్కడ మన వాతావరణం గురించి ఒక మాట. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే శరీరం ఇంకా ఇంకా చెమట పట్టిస్తూనే ఉంటుంది. సెప్టెంబరులో తీసిన లెక్క డిసెంబరులో సరిపోదు, మళ్లీ కొలుచుకోవాల్సిందే.

బాటిల్‌లో ఏముంది? అనకాపల్లి బెల్లమే

మూడో వారం ఆ రెండు బాటిళ్లలో ఉన్నది ఉత్త నీళ్లు కాదు. పరుగు గంటా పావు దాటుతుందంటే గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అందిస్తే కాళ్లు ఆగకుండా నడుస్తాయి. అంతకంటే చిన్న పరుగులకి ఇది అవసరం లేదు, మంచినీళ్లు చాలు.

బెల్లానికి రాష్ట్రంలోనే పెద్ద మార్కెట్ ఉన్న జిల్లాలో ఉండి, ఖరీదైన ఎనర్జీ జెల్ కోసం ఆన్‌లైన్‌లో వెతకాల్సిన పని లేదు. కాచి చల్లార్చిన అరలీటరు నీళ్లలో 30 గ్రాముల బెల్లం, అంటే పెద్ద నిమ్మకాయలో సగం అంత ముక్క, వేసి కరిగించాలి. పలచటి గుడ్డలో వడకట్టాలి, లేదంటే అడుగున ఇసుక, పీచు తగులుతుంది. అందులో టీ స్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు. పెద్ద చిటికెడు అనుకోండి. నిమ్మరసం పిండుకుంటే తాగడానికి బాగుంటుంది. ఇంతే. ఇది సుమారు 5, 6 శాతం తీపి ఉన్న ద్రావణం, షాపులో దొరికే స్పోర్ట్స్ డ్రింక్‌లో తీపి కూడా దాదాపు ఇంతే.

ఎక్కువ బెల్లం వేస్తే ఎక్కువ శక్తి వస్తుందనుకుని పానకంలా చిక్కగా చేస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. చిక్కటి తీపి కడుపులోంచి త్వరగా దిగదు. పేగుల్లోకి నీటిని లాగుతుంది. కడుపులో గడబిడ, దారిలో పొదలు వెతుక్కోవడం. ఇంకో విషయం.. బెల్లంలో ఐరన్ ఉందని, పంచదార కంటే గొప్పదని చాలామంది చెబుతారు. పరుగులో తాగే 30 గ్రాములకి ఆ తేడా లెక్కలోకి రాదు. కాళ్లకి కావాల్సింది అందులోని చక్కెర మాత్రమే. పంచదార వేసుకున్నా పని అదే చేస్తుంది.

కొబ్బరి నీళ్లు వాడొచ్చా అంటే, పరుగు తర్వాత బాగానే ఉంటాయి. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం. కాబట్టి బొండం తాగినా తిండిలో ఉప్పు ఉండేలా చూసుకోవాలి.

ఇక ఓఆర్ఎస్. ఇది విరేచనాలకి ఇచ్చే మందు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉంటుంది. అంటే ఉప్పు అందుతుంది కానీ పరుగుకి ఇంధనంగా చాలదు. మరోవైపు, ఓఆర్ఎస్ అనే పేరు తగిలించుకుని తియ్యటి డ్రింకులు మెడికల్ షాపుల్లోనే ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర చాలా ఎక్కువ. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల పాటు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాకి సరిపోని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఒకవేళ అసలైన ఓఆర్ఎస్ ప్యాకెట్ కొన్నా, దానిపై రాసినన్ని నీళ్లలోనే కలపాలి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కలిపి తాగేయకూడదు.

ముందు రాత్రి అన్నం.. పొద్దున్న చోడి జావ

నిల్వలు నింపే పని శనివారమే మొదలవ్వాలి. దీనికి స్పెషల్ డైట్ ఏమీ లేదు. రాత్రి 8 గంటల్లోపు మూడు కప్పుల అన్నం, పప్పు, కొంచెం కూర, పెరుగు. ఈ అన్నంలోనే 120 గ్రాములకి పైగా కార్బోహైడ్రేట్ వస్తుంది. శనివారం రాత్రి బిర్యానీ మాత్రం వద్దు. నూనె, మసాలా కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి, తెల్లారి 5 గంటలకి అవి ఇంకా అక్కడే ఉంటాయి. శనగలు, రాజ్మా, గోంగూర లాంటివి కూడా ఆ ఒక్క రాత్రికి పక్కన పెట్టడమే మంచిది. వాటిలో పీచు ఎక్కువ, కుదుపులకి గ్యాస్ పట్టేస్తుంది.

పొద్దున్న 4 గంటలకి లేచి, 4.15 కల్లా ఒక గ్లాసు పలచటి చోడి జావ, అందులో చిన్న బెల్లం ముక్క, ఒక అరటిపండు. మొత్తం మీద 50 గ్రాముల కార్బోహైడ్రేట్. రాత్రి ఖాళీ అయిన కాలేయానికి ఇది సరిపోతుంది. జావ పడని వాళ్లు రెండు అరటిపండ్లు, లేదా పల్లీ చట్నీ లేకుండా మూడు నాలుగు ఇడ్లీలు తినొచ్చు. పల్లీల్లో కొవ్వు ఉంటుంది, అది అరగడానికి టైమ్ పడుతుంది, వాటి పని పరుగు తర్వాతే. దీంతో పాటు దాదాపు 300 మిల్లీలీటర్ల నీళ్లు.

టీ, కాఫీ తాగాలా వద్దా? అలవాటు ఉన్నవాళ్లు తాగొచ్చు. కాఫీలోని కెఫీన్ పరుగుకి కొంత సాయం కూడా చేస్తుంది. కాకపోతే కొందరికి వెంటనే బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వస్తుంది. అది ఇంట్లోనే జరిగిపోయేలా టైమ్ చూసుకుంటే సరి.

కడుపుకి కూడా ప్రాక్టీస్ కావాలి. పరిగెడుతూ తీపి నీళ్లు తాగడం మొదటి రోజే అందరికీ పడదు. ముందు గంటకి 20 గ్రాములతో మొదలుపెట్టి, నాలుగైదు ఆదివారాల్లో పెంచుకుంటూ పోవాలి. రేస్ రోజు స్టాల్‌లో ఇచ్చే కొత్త జెల్‌ని మొదటిసారి అక్కడే రుచి చూడటం అంటే రిస్క్ తీసుకున్నట్టే.

వచ్చాక ఏం తినాలి?

"అరగంటలో తినకపోతే కష్టమంతా వేస్ట్" అనే మాట జిమ్‌లలో బాగా వినిపిస్తుంది. అదే రోజు సాయంత్రం మళ్లీ పరిగెత్తేవాళ్లకి ఆ తొందర అవసరం. మళ్లీ మంగళవారమో బుధవారమో పరిగెత్తే మన రన్నర్‌కి రోజంతా మామూలు భోజనం చేస్తే నిల్వలు వాటంతట అవే నిండుతాయి. అయినా గంటలోపు టిఫిన్ తింటే మంచిదే, ఎలాగూ ఆకలి దంచేస్తుంది.

కండరాల రిపేర్‌కి ఆ పూట బరువులో కిలోకి 0.3 గ్రాముల ప్రొటీన్ చాలు. 64 కిలోలకి అది 19 గ్రాములు. రెండు ఉడికించిన గుడ్లలో 12, గ్లాసు పాలలో ఆరేడు. లెక్క సరిపోయింది. గుడ్డు తిననివాళ్లకి రెండు పెసరట్లు, గ్లాసు పాలు ఉన్నాయి. వీటికి తోడు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు తింటే 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కూడా అందుతుంది. ఈ స్థాయి పరుగుకి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనాల్సిన అవసరం కనిపించదు.

నీళ్లు తగ్గిన బరువుకి ఒకటిన్నర రెట్లు. 600 గ్రాములు తగ్గాడు కాబట్టి 900 మిల్లీలీటర్లు. ఒకేసారి కాదు, రెండు మూడు గంటల్లో. ఒకటిన్నర రెట్లు ఎందుకంటే తాగిన దాంట్లో కొంత మూత్రంగా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, చారు, సాంబారుతో తీసుకుంటే ఆ నీరు ఒంట్లో నిలబడుతుంది.

షుగర్ ఉండి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లకి, బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకి పైన చెప్పిన బెల్లం, ఉప్పు లెక్కలు వర్తించవు. వాళ్లు తమ డాక్టర్‌ని అడిగాకే ఎంత తీసుకోవాలో తేల్చుకోవాలి.

నాలుగో వారం మన రన్నర్ ఇదే పద్ధతిలో వెళ్లాడనుకుందాం. మొదటి 40 నిమిషాల తర్వాత బెల్లం నీళ్లు మొదలుపెట్టి, పది పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు. 13వ కిలోమీటరు దగ్గర కాళ్లు ఆగలేదు. ఇంటికొచ్చి స్కేల్ ఎక్కితే 63.3. అంటే టిఫిన్ అయ్యాక 10 గంటల్లోపు ఇంకో లీటరు మజ్జిగ, నీళ్లు పూర్తి చేయాలి.